మామ్మగారి కనుమ: చిన్ననాటి తీర్థం జ్ఞాపకాలతో చిన్న వీడియో తీయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా వీధిలో ఉండే మామ్మగారి చేత ఆవిడ చిన్నప్పటి జగ్గన్నతోట తీర్థం కబుర్లు చెప్పించి ఎనిమిది నిమిషాల వీడియో చేశాను. అది చూసినవాళ్ళంతా మా తాతగారితో చేయాలనుంది, మా నాయనమ్మతో చేయాలనుంది అంటూ దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతున్నారు, ప్రతి ఒక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే, మీకు కావలసింది చదువుకోండి.

## మొదలుపెట్టేముందు

మామ్మగారికి బోలెడు పండగలు గుర్తున్నాయి, అన్నీ అడగాలా?

వద్దు. నేను మొదటిరోజు చేసిన తప్పు అదే. "మీ చిన్నప్పుడు పండగలు ఎలా జరిగేవండీ?" అన్నాను. ఉగాది పచ్చడి నుంచి కార్తీకదీపాల దాకా అరగంట చెప్పారు, అందులో ఏ ఇంటి ముసలావిడైనా చెప్పగలిగే మాటలే తప్ప ఈవిడ మాత్రమే చెప్పగలిగేది ఒక్కటీ లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు ఒకే ఒక్క రోజు గురించి అడిగాను: మీకు బాగా గుర్తున్న ఒక కనుమ, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి ఇంటికొచ్చేదాకా. అప్పుడు బయటికి వచ్చాయి అసలు సంగతులు. ఎనిమిది నిమిషాల వీడియోకి ఒక రోజు చాలు, నిజానికి ఎక్కువే. ఏ రోజు ఎంచుకోవాలో మీరు నిర్ణయించకండి, ఏ పండగ దగ్గర ఆవిడ గొంతు వేగం పెరుగుతుందో ఆ పండగ పట్టుకోండి.

జగ్గన్నతోట తీర్థం అంటే ఏంటి? మేం తెలంగాణవాళ్ళం, ఎప్పుడూ వినలేదు.

కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఉన్న కొబ్బరితోట పేరు జగ్గన్నతోట. అక్కడ గుడి ఉండదు. సంక్రాంతి మర్నాడు, అంటే కనుమనాడు, చుట్టుపక్కల 11 ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద ఆ తోటలోకి వచ్చి కలుస్తారు, అందుకే ఏకాదశ రుద్రులు అంటారు. వ్యాఘ్రేశ్వరం స్వామిది పెద్దరికం. ప్రభ అంటే వెదురు, తాటికర్రతో ఎత్తుగా కట్టి కొత్త బట్టలు, రంగు నూలు, గంటలు, నెమలి ఈకలతో అలంకరించిన చట్రం, దాన్ని మనుషులే భుజాల మీద మోస్తూ "అశ్శరభ శరభ" అని అరుస్తూ నడుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చటి వరిచేలలోంచి వచ్చి కౌశిక నది దాటాలి, చేను తొక్కినా రైతు ఏమీ అనడు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. మామ్మగారి పుట్టిల్లు గంగలకుర్రు.

సరాసరి కెమెరాతో వెళ్ళిపోవచ్చా, ముందు ఒకసారి ఉత్తినే వెళ్ళి రావాలా?

ఉత్తినే వెళ్ళండి, కానీ అసలు కథ చెప్పించుకోకండి. పెద్దవాళ్ళు ఒకసారి మనసుపెట్టి చెప్పింది రెండోసారి చెప్పేటప్పుడు "నీకు మొన్న చెప్పాను కదరా" అంటూ సగం మింగేస్తారు. ఆ మొదటి రాకలో చూసుకోవలసినవి వేరే ఉన్నాయి: ఏ చెవి బాగా వినపడుతుంది, ఏ కుర్చీలో అలవాటుగా కూర్చుంటారు, కిటికీ ఎటుంది, పక్కింట్లో మోటారు ఎప్పుడు వేస్తారు, ఇంట్లో పాత ఫోటోలు ఏమన్నా ఉన్నాయా. ఆవిడ కథ మొదలుపెట్టేస్తే మాత్రం ఆపలేం కదా, ఫోన్ జేబులోంచి తీసి అడిగి రికార్డర్ నొక్కేయండి, గొంతు అయినా మిగులుతుంది.

ఏ టైంకి వెళ్తే మంచిది? పూజలు, ఉపవాసాలు ఉంటాయి కదా.

మా మామ్మగారి లెక్క ఇది: తెల్లవారుజామున స్నానం, పూజ, విష్ణుసహస్రనామం, తొమ్మిదికి ఇంత తిండి. అందుకని తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్యలో వెళ్ళాను, ఏకాదశి, సోమవారాలు వదిలేశాను. మడిలో ఉండగా వెళ్ళి మైకు తగిలిస్తానంటే తిట్లు తింటారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక గొంతు బరువెక్కి మాట ముద్దగా వస్తుంది, సాయంత్రమైతే టీవీలో ప్రవచనం. ఒక్కో విడత నలభై నిమిషాలు దాటనివ్వలేదు, మొత్తం మూడు విడతల్లో 96 నిమిషాలు వచ్చింది.

సొంత మనుషులే కదా, అనుమతి తీసుకోవాలా?

తీసుకోండి. సంతకం కన్నా కెమెరా ముందే మాటల్లో చెప్పించడం నాకు నచ్చింది: తన పేరు, ఈ వీడియో ఎవరెవరు చూస్తారో తనకు తెలుసని, తీసేయమంటే తీసేస్తానని నేను ఒప్పుకున్నానని. "ఊళ్ళోవాళ్ళు చూస్తారు" అనడం చాలదు. "అమెరికాలో ఉన్న మీ వియ్యపురాలి తరఫువాళ్ళు కూడా చూడొచ్చు" అంటే అప్పుడు అర్థమైంది ఆవిడకి, వెంటనే చీర మార్చుకుని వచ్చారు.

## ప్రశ్నల సంగతి

మీరు అడిగిన ప్రశ్నల లిస్టు ఉన్నదున్నట్టు పెడతారా?

పెడుతున్నా. ఇదే వరుసలో అడగలేదు, కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆవిడ ఎటు వెళ్తే అటు వెళ్ళాను, అయిపోయినవాటికి టిక్కు పెట్టుకున్నాను.

- ఆ రోజు పొద్దున్న మిమ్మల్ని ఎవరు లేపారు? లేచేసరికి ఇంట్లో ఏం చప్పుడు అవుతోంది?
- ఇంటి పటం చెప్పండి. గుమ్మంలోంచి బయటికి చూస్తే ఎదురుగా ఏముండేది? ప్రభ కట్టే చోటు అక్కడికి కనపడేదా?
- ప్రభ కట్టడం ఎన్నాళ్ళ ముందు మొదలయ్యేది? వెదురు ఎవరు తెచ్చేవారు? రంగు నూలు చుట్టడం చూశారా, ముట్టుకోనిచ్చేవారా?
- ఏం కట్టుకున్నారు ఆ రోజు? ఎవరు కుట్టారు?
- కనుమనాడు కాకైనా కదలదంటారు కదా, మరి మీ ఊరంతా ఎలా కదిలింది?
- కనుమకి గారెలు తినే బయల్దేరారా, వచ్చాక తిన్నారా? దారిలోకి ఏం మూట కట్టారు?
- ప్రభ లేచేటప్పుడు మీరెక్కడ నిలబడ్డారు? మీ పక్కన ఎవరున్నారు?
- కౌశిక దగ్గర మీ కాళ్ళకి ఏం తగిలింది?
- తీర్థం డబ్బులు ఎంత ఇచ్చారు, ఎవరిచ్చారు, ఏం కొన్నారు?
- తోటలో తప్పిపోతామని భయం వేసిందా? తప్పిపోతే ఎక్కడ నిలబడమని చెప్పారు?
- దేవుడికి ఏమని దణ్ణం పెట్టుకున్నారు?
- తిరిగొచ్చేటప్పుడు చీకటి పడిందా? దారి ఎలా కనపడింది?
- పెళ్ళయ్యాక మొదటి కనుమ ఎక్కడ చేశారు? తీర్థానికి పంపించారా?
- ఇందాకటి నుంచి నేను అడగనిది ఏమన్నా ఉందా?

గమనిస్తే చాలావాటికి ఒంటితో గుర్తున్న జవాబులే వస్తాయి: చలి, బురద, వాసన, ఎవరి చెయ్యి పట్టుకున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లకి ప్రభ ఎన్ని అడుగులుందో తెలియదు, కానీ ఎవరు ఎత్తుకున్నారో తెలుసు. దణ్ణం ప్రశ్న నేను మొహమాటపడుతూనే అడిగాను. "మా తమ్ముడికి జీడి పెట్టకుండా నేనే తినేశాను, చెప్పకు స్వామీ అనుకున్నా" అన్నారు, అరవై తొమ్మిదేళ్ళుగా దాచుకున్న మాట అది. చివరి ప్రశ్న మర్చిపోవద్దు. మైకు తీసేస్తుండగా ఆవిడ చెప్పబోయేది ఆ ప్రశ్నకి జవాబుగా ముందే వచ్చేస్తుంది.

స్థలపురాణంలోకి వెళ్ళిపోతే ఎలా ఆపాలి?

ఆపకండి, ఓ ఐదు నిమిషాలు పోనివ్వండి. భక్తురాలికి అది చెప్పకుండా ముందుకెళ్ళడం తప్పుగా అనిపిస్తుంది, మధ్యలో తెంపితే తర్వాత అంతా ముక్తసరిగా చెప్తారు. కథ ముగిసి "శివశివా" అని ఊపిరి తీసుకునే చోటు ఒకటి వస్తుంది, అక్కడ పట్టుకోండి: "ఈ కథ మీకు మొదట ఎవరు చెప్పారండీ?" ఈ ఒక్క ప్రశ్నతో పురాణంలోంచి ఇంటి అరుగు మీదకి వచ్చేస్తారు. మా మామ్మగారికి ఆ కథ చెప్పింది ఇంటికి పాలుపోసే ఆయన, ఆ ఆయన ప్రభ మోసేవాడు కూడా. అక్కడి నుంచి ఆయన భుజం మీద కాయ కాసిన మచ్చ దాకా వెళ్ళింది మాట. పురాణం ఎవరి దగ్గరైనా దొరుకుతుంది, ఆ మచ్చ ఇంకెక్కడా దొరకదు.

"ఆ రోజులే వేరు నాయనా, ఇప్పుడేముంది" అని ఆగిపోతున్నారు. ఏం చేయాలి?

ముందు మీ ప్రశ్న చూసుకోండి. "అప్పుడు భక్తి ఎక్కువ ఉండేది కదండీ?" అంటే అవుననక ఏమంటారు. మన అభిప్రాయాన్ని ఆవిడ నోట అనిపించుకున్నట్టు అవుతుంది. ఆవిడే ఆ మాట అంటే, వాదించకుండా, వేరేది అని ఏది చూసి అనిపించిందో ఒక్కటి చెప్పమనండి. మామ్మగారు కాసేపు ఆలోచించి, "అప్పుడు ప్రభ వెనకాల వినపడేది గంటలురా, ఇప్పుడు గంటలు ఉన్నాయి గానీ వినపడవు" అన్నారు. ఇది వీడియోలో ఉంది. "ఇప్పుడేముంది" లేదు. ఇంకో సంగతి, ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టండి, మనం భరించలేక ఆ నిశ్శబ్దంలో ఇంకో ప్రశ్న వేసేస్తాం, ఆవిడ అప్పుడే నోరు తెరవబోతూ ఉంటారు.

కులం, మైల, ఎవరిని రానిచ్చేవారు కాదు లాంటివి అడగొచ్చా? పండగ వీడియో పాడవుతుందేమో.

అడగాలి అనే నా అభిప్రాయం, కానీ నిలదీస్తున్నట్టు కాదు. "ప్రభ ఎవరెవరు మోసేవారు? మిగతావాళ్ళు ఎక్కడ నిలబడేవారు?" అని చోటు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు, ఎందుకంటే అది వాళ్ళకి బొమ్మలా గుర్తుంది. ఆడవాళ్ళ ఇబ్బంది సంగతి మగవాళ్ళు అడిగితే చెప్పరు, నేను మా అక్కని తీసుకెళ్ళి నేను గది బయట కూర్చున్నాను. ఒక ఏడు సరిగ్గా కనుమకి "బయట ఉండి" వీధరుగు మీద నుంచి గంటలు వింటూ కూర్చున్నారట. అది వాడనివ్వలేదు, వాడలేదు, ఇంట్లో దాచే కాపీలో మాత్రం ఉంచమన్నారు.

## రికార్డింగ్

ఫోన్ చాలా, కెమెరా అద్దెకు తేవాలా?

బొమ్మకి ఫోన్ చాలు. డబ్బు పెట్టేదేదో మైకు మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట అర్థం కాకపోతే పది సెకన్లలో వెళ్ళిపోతారు. 1080పి, సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకోండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 పెడితే కొన్ని ట్యూబులైట్ల కింద బొమ్మ అలలు అలలుగా మినుకుతుంది. అసలు ట్యూబులైటు ఆర్పేసి కిటికీ పక్కన, వెలుగు ఆవిడ ముఖానికి ఒక పక్క నుంచి పడేట్టు కూర్చోబెట్టడం ఇంకా మేలు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మీరు కెమెరాకి ఆనుకుని, బాగా వినపడే చెవి వైపు, ఆవిడ కళ్ళ ఎత్తులో కూర్చోండి, నిలబడి అడిగితే తల పైకెత్తి చెప్పలేక అలసిపోతారు.

ఫ్యాను ఆపితే చెమటలు, వేస్తే రొద. ఎలా?

నేను ఆపేశాను, కానీ పదిహేను నిమిషాలకోసారి లేచి వేసి, మంచినీళ్ళు ఇచ్చి, మళ్ళీ ఆపాను. ఎండాకాలం పెట్టుకోకండి. ఫ్యాను గాలి మైకు మీద కొట్టే చప్పుడు తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తే మాట కూడా డబ్బాలోంచి వచ్చినట్టు తయారవుతుంది. ఫ్రిజ్ కూడా ఆపాలి, ఆపినప్పుడు మీ బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్ళీ వేయకుండా ఇంటికి వెళ్ళలేరు. (నేను తాళాలు పెట్టని రోజు వాళ్ళ పెరుగు పులిసిపోయింది, ఇప్పటికీ చెప్తారు.) లేచేముందు ఎవర్నీ మాట్లాడనివ్వకుండా ఆ గది చప్పుడు ఒక నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటకి మాటకి మధ్య అతుకు వేసినచోట ఆ చప్పుడు కింద పరచకపోతే, గొంతు ఆగగానే ఎవరో స్విచ్చి నొక్కినట్టు నిశ్శబ్దం పడుతుంది.

కాలర్ మైకు చీరకి ఎక్కడ తగిలించాలి?

మొదటి విడత మొత్తం నాకు పాడైంది ఇక్కడే. పైటకి మధ్యలో తగిలించాను. గంజి పెట్టిన నేతచీర కరకర ఒకటి, మెడలో రుద్రాక్షమాల, నల్లపూసలు మైకుకి తగిలి టక్‌టక్ ఒకటి, పైగా కౌశిక గురించి చెప్తున్నంతసేపూ చేతిలో జపమాల తిరుగుతూనే ఉంది. మాల తీసేయమనడానికి లేదు, తీయమనకూడదు. పైట కుచ్చిళ్ళని భుజం మీద పిన్నుతో బిగించి, ఆ మడత అంచుకి, మాలలు వేలాడేచోటికి నాలుగు వేళ్ళు పక్కగా, నోటికి జానెడు దూరంలో తగిలిస్తే సరిపోయింది. జపమాలని ఒళ్ళో మడతపెట్టిన తువ్వాలు మీద తిప్పుకోమన్నాను, చప్పుడు పోయింది. తగిలించాక ముందుకి వంగమని, తల తిప్పమని చెప్పి ఇయర్‌ఫోన్స్‌తో విని చూసుకోండి. మీటరు కదులుతోంది కదా అని నమ్మకండి, మాలలు తగిలినా అది కదులుతుంది.

వాళ్ళబ్బాయి పక్కనే కూర్చుని ప్రతిదీ సరిదిద్దుతున్నాడు.

ఆయన్ని బయటికి పంపడానికి ఏదో ఒక పని కావాలి, పాత ఫోటోలు వెతికిపెట్టమని అడగండి, గంట పడుతుంది. కొడుకులు చెప్పేది చాలావరకు తర్వాత విన్నదే, అమ్మ చూసింది కాదు. కానీ అదే వయసు తోబుట్టువు ఉంటే మాత్రం ఇద్దర్నీ కలిపి ఒక విడత కూర్చోబెట్టండి, ఒకరినొకరు కాదంటుంటే ఇద్దరికీ కొత్తవి గుర్తొస్తాయి.

## ఏ ఏడో తేల్చడం

ఆవిడకి సంవత్సరం గుర్తులేదు, ఆధార్‌లో పుట్టినతేదీ నమ్మొచ్చా?

ఆ తరంవాళ్ళ ఆధార్ తేదీ చాలాసార్లు బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు వేసిన అంకె. మామ్మగారిది ఆధార్‌లో 1943. కానీ ఆవిడ "వ్యయలో పుట్టాను, కార్తీకంలో" అంటారు, వ్యయ నామ సంవత్సరం అంటే 1946 ఉగాది నుంచి 1947 ఉగాది దాకా, కార్తీకమంటే 1946 చివర. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు తేదీ కన్నా సంవత్సరం పేరు గట్టిగా గుర్తుంటుంది, అది అడగండి. ఇప్పటి సంవత్సరాల పేర్లలోంచి 60 తీసేస్తే చాలు, 2015 ఉగాదికి మన్మథ కాబట్టి 1955కీ మన్మథే. ఒక్కటే జాగ్రత్త, సంక్రాంతి ఉగాదికి ముందు వస్తుంది, అందుకని మన్మథలో సంక్రాంతి అంటే 1955 జనవరి కాదు, 1956 జనవరి. ఈ లెక్కలో నేను ఒకసారి ఏడాది వెనక్కి పోయాను.

ఇక ఆవిడ చెప్పిన మిగతా ముక్కలు కలిపాను. తనకి తొమ్మిదేళ్ళు. తమ్ముడు చంకపిల్లాడు, వాడు పుట్టింది మన్మథ శ్రావణంలో, అంటే 1955 వానాకాలం. తీర్థం డబ్బులు బేడ ఇచ్చారు, బేడ అంటే రెండణాలు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. అన్నీ 1956 జనవరి కనుమ దగ్గరే కలుస్తున్నాయి. అయితే బేడ, పావలా అనే మాటలు పైసలు వచ్చాక కూడా జనం నోట చాలా ఏళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క ఆధారం మీద నిలబడలేం, తమ్ముడి వయసే గట్టిది. వీడియోలో "1956 ప్రాంతం" అని వేశాను.

ఒకే సంగతి రెండుసార్లు రెండు రకాలుగా చెప్పారు. ఏది ఉంచాలి?

నదిలో ఎత్తుకుంది చినాన్న అని ఒకసారి, మేనమామ అని ఒకసారి చెప్పారు. రెండు వేర్వేరు ఏళ్ళ జ్ఞాపకాలు కలిసిపోయాయని నా అనుమానం. "ఎవరు?" అని నిలదీస్తే ఏదో ఒకటి చెప్పేస్తారు, అది ఊహే అవుతుంది. "ఎత్తుకున్నాయన భుజం మీద ఏముంది?" అని అడిగాను. తడి తువ్వాలు, చుట్ట వాసన అన్నారు, ఆ తర్వాత తనే "చుట్ట కాల్చేది చినాన్నేరా" అన్నారు. తేలకపోయి ఉంటే "మా ఇంట్లోవాళ్ళు ఎత్తుకున్నారు" అన్న వాక్యం ఇంకోచోట ఉంది, అది వాడేవాణ్ణి.

## ఎడిటింగ్

96 నిమిషాల్లోంచి ఎనిమిది నిమిషాలు ఎలా తేల్చారు?

కంప్యూటర్ తెరవకముందు కాగితం. మొత్తం విని, టైంతో సహా ఆవిడ మాట ఆవిడ యాసలోనే రాసుకున్నాను, గంట రికార్డింగ్ రాయడానికి నాకు ఆరేడు గంటలు పట్టింది, ఇది తప్పించుకోలేని చాకిరీ. తర్వాత ప్రతి ముక్కనీ చీటీగా కత్తిరించి నేల మీద పరిచి వరస కలిపాను. వడపోత ఒక్కటే: ఇది ఆవిడ కళ్ళతో చూసిందా, చెవితో విన్నదా, వేరేవాళ్ళు చెప్పిందా? మూడోరకం దాదాపు అంతా పోయింది. మిగిలినదాని పటం ఇలా వచ్చింది:

- 0:00–0:30 వత్తులు చేసుకుంటున్న చేతులు. "కనుమనాడు కాకైనా కదలదంటారు. మా ఊరు మొత్తం కదిలేది." ముఖం ఇంకా చూపించలేదు.
- 0:30–1:45 ప్రభ కట్టడం. రంగు నూలు ముట్టుకుని దెబ్బ తినడం.
- 1:45–3:00 కనుమ పొద్దున్న, గారెలు, కొత్త పరికిణీ.
- 3:00–5:10 కౌశిక.
- 5:10–6:40 తోట, బేడ, జీళ్ళు, తమ్ముడికి పెట్టకపోవడం.
- 6:40–7:30 చీకట్లో నడుచుకుంటూ ఇంటికి.
- 7:30–8:00 గంటల మాట. అక్కడితో ఆపేశాను.

ముందు మాట మాత్రమే వరసగా పేర్చి, తెర ఆపేసి, రేడియో విన్నట్టు మూడుసార్లు విన్నాను. అలా వింటే కథ ఎక్కడ తెగుతోందో తెలుస్తుంది. బొమ్మలు అతికించడం ఆ తర్వాతే.

ఒక్క ముక్క ఎలా కోశారో చూపిస్తారా?

కౌశిక ముక్క అసలు ఆరు నిమిషాలకు పైగా ఉంది, రెండు నిమిషాల పది సెకన్లకి వచ్చింది. మధ్యలో ఒక చోటు తీసుకుందాం. ఆవిడ అన్నది: "నీళ్ళంటే... అప్పుడు లాకులూ అవీ, మా మావయ్య చెప్పేవాడు, సరే, నీళ్ళంటే మా అమ్మకి నడుందాకా వచ్చాయి. తమ్ముడు అమ్మ భుజం మీద. మా అమ్మ పేరు చెప్పానా? నన్ను చినాన్న ఎత్తుకున్నాడు. ప్రభ ముందెళ్ళిపోయింది. నాకు... (నాలుగు సెకన్ల మౌనం) నాకు కనపళ్ళేదు. గంటలు వినపడ్డాయంతే."

లాకుల మాట, అమ్మ పేరు మాట తీసేశాను. "నీళ్ళంటే" రెండుసార్లు వచ్చింది, రెండోది ఉంచాను, ఎందుకంటే మొదటిదాంట్లో గొంతు ఇంకా వెతుక్కుంటోంది. ఆ నాలుగు సెకన్ల మౌనం ముట్టుకోలేదు. నా స్నేహితుడు అది కోసేయమన్నాడు, స్లోగా ఉందట. కోసి చూశాం, ఆవిడ ఏదో పాఠం అప్పచెప్పినట్టు వచ్చింది, మళ్ళీ పెట్టేశాం. పెద్దవాళ్ళ వీడియోల్లో జనం చేసే పెద్ద తప్పు ఊపిరులన్నీ కోసేయడం. ఊపిరి మధ్యలో కోస్తే వినగానే తెలిసిపోతుంది, ఊపిరి తీసుకోబోయేముందు కోసి తర్వాతి మాటని దాని ఊపిరితో సహా తెచ్చుకోండి.

డ్రోన్ షాట్లు ఎందుకు లేవు? తీర్థం అంటే అదే కదా బాగుండేది.

ఈ ఏటి కనుమకి వెళ్ళి తీసుకొచ్చాను, బోలెడు ఉన్నాయి. 1956 కబురు మీద వేసి చూస్తే అబద్ధంలా అనిపించింది. పైనుంచి ప్రభలు చూసింది డ్రోను, ఆవిడ కాదు, ఆవిడ ఎత్తు మూడున్నర అడుగులు. పైగా తోట కూడా అదే కాదు, 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు ఎన్ని పడిపోయాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకని నడుం ఎత్తులో కెమెరా పట్టుకుని కాళ్ళు, బురద, మోసేవాళ్ళ వీపులు, వేలాడే నూలు తీశాను, అవి వచ్చినచోట మూలన "ఈ ఏటి కనుమ" అని చిన్నగా వేశాను. "నాకు కనపళ్ళేదు" అన్నచోట ప్రభ బొమ్మ అస్సలు వేయలేదు. ఆవిడ ముఖం, కింద గంటల చప్పుడు, అంతే.

వెనకాల భక్తిపాట ఏది వేస్తే బాగుంటుంది?

నేను ఏదీ వేయలేదు. క్యాసెట్ పాట వేస్తే హక్కుల క్లెయిము వస్తుంది, అది ఒకటి, అసలు కారణం మాత్రం పాట వచ్చాక జనం మాట వినడం మానేస్తారు. గంటలు, డోలు సన్నాయి, "అశ్శరభ" అరుపులు తీర్థంలోనే ఫోన్‌తో విడిగా రికార్డు చేసుకొచ్చాను. మామ్మగారు ఒక మంగళహారతి పాడారు, శ్రుతి లేదు, రెండో చరణం మర్చిపోయారు. మొదటి చరణం పూర్తిగా ఉంచాను.

సబ్‌టైటిల్స్‌లో యాస సరిచేయాలా?

వద్దు. "కనపళ్ళేదు" అంటే "కనపడలేదు" అని వేస్తే ఇంకెవరో మాట్లాడినట్టు ఉంటుంది. తెలుగు సబ్‌టైటిల్ మాత్రం తప్పకుండా వేయండి, కట్టుడుపళ్ళ వల్ల కొన్ని మాటలు మనవాళ్ళకే అందవు. ఒక్కోసారి ఒక్క వాక్యమే:

```
31
00:03:52,400 --> 00:03:55,900
నీళ్ళంటే మా అమ్మకి నడుందాకా వచ్చాయి.

32
00:04:06,100 --> 00:04:08,300
నాకు కనపళ్ళేదు.
```

ఫైలు సేవ్ చేసేటప్పుడు UTF-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నగుర్తులైపోతుంది. మౌనం ఉన్నచోట తర్వాతి వాక్యం ముందే తెర మీదకి రానివ్వకండి, ఆవిడ చెప్పకముందే జనం చదివేస్తారు.

## బయటపెట్టేముందు

వీడియో ముందు ఆవిడకి చూపించాలా? ఏదైనా తీసేయమంటే?

చూపించాలి, ఫోన్‌లో కాదు, టీవీలో, కళ్ళజోడు పెట్టించి, మిగతా కుటుంబం రాకముందు ఒంటరిగా. మామ్మగారు రెండుచోట్ల ఆపించారు. ఒకటి ఒక బంధువుని "వాడు" అన్నారట, పోయినవాణ్ణి అలా అనకూడదని. కోసేశాను. రెండోది జీడి సంగతి. అది పోతే ఐదో భాగమే పోతుంది, నాకు టెన్షన్ మొదలైంది, కానీ తీసేయమంటే తీసేస్తానని మాటిచ్చాను కాబట్టి సరే తీసేస్తానన్నాను. కాసేపు ఊరుకుని, ముందు తమ్ముడికి ఫోన్ చేసి చెప్తానని, వాడు నవ్వితే ఉంచమని అన్నారు. ఆయన నవ్వారో లేదో తెలీదు, స్పీకర్‌లో "అది నాకెప్పుడో తెలుసక్కా" అన్నది మాత్రం విన్నాను. అదీ రికార్డు చేసుకుని ఉండాల్సింది.

వాడని మిగతా గంటన్నర ఏం చేయాలి?

చెరిపేయకండి. కోయని ఫైళ్ళు రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ళింట్లో. పక్కనే ఒక కాగితం: ఎవరు, ఎవరు అడిగారు, ఏ తారీఖున, ఏ ఊళ్ళో, బయట పెట్టకూడదన్న నిమిషాలు ఏవి. ఫైలు పేర్లలో తారీఖు ముందు పెట్టండి. మా కాపీ వాళ్ళ దేవుడి గది అలమరాలో ఉంది, కుంకుమభరిణె పక్కన, డిస్కు మీద ఆవిడే పసుపుబొట్టు పెట్టారు.